మేడ మీది యాంటెనా టవర్, పిడుగు భయం: హైదరాబాద్ హ్యామ్‌లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్‌లో పగలంతా ఎండ మండిపోయి, సాయంత్రానికి ఈదురుగాలితో మబ్బులు కమ్మే రోజులు మొదలవగానే కొత్తగా టవర్ నిలబెట్టిన వాళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. దాదాపు అందరూ అడిగేవి ఇవే ప్రశ్నలు. జవాబులన్నిటికీ ఒకే ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. అల్వాల్ వైపు ఓ మూడంతస్తుల ఇల్లు, ఎత్తు 10 మీటర్లు. డాబా మీద 9 మీటర్ల ఇనుప లాటిస్ టవర్, దాని కొసన హెచ్‌ఎఫ్ యాగీ, ఇంకాస్త పైన ఒక వీహెచ్‌ఎఫ్ వర్టికల్. రేడియో గది పై అంతస్తులో ఉంది. 100 వాట్ల రేడియో, ఆర్‌జీ 213 కేబుల్. హైదరాబాద్‌లో చాలామంది పరిస్థితి ఇంచుమించు ఇదే. టవర్‌ను నేల మీద నిలబెట్టుకునేంత ఖాళీ స్థలం ఇక్కడ ఎవరికుంది?

టవర్ పెడితే పిడుగు మా ఇంటి మీదే పడుతుందా?

అవకాశం పెరుగుతుంది, కానీ అనుకున్నంత కాదు. పిడుగు రక్షణ ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305లో ఒక సులువైన లెక్క ఉంది. చుట్టూ ఖాళీగా ఉన్న చోట ఒక కట్టడం తన ఎత్తుకు మూడు రెట్ల వ్యాసార్థంలో పడబోయే పిడుగుల్ని తన మీదకు తీసుకుంటుందని అంచనా. మన ఇల్లూ టవరూ కలిపి 19 మీటర్లు, కాబట్టి వ్యాసార్థం 57 మీటర్లు. ఆ వృత్తం వైశాల్యం సుమారు 0.01 చదరపు కిలోమీటరు. ఏడాదికి చదరపు కిలోమీటరుకు 4 పిడుగులు పడతాయని అనుకుని లెక్క వేస్తే, టవర్ మీద నేరుగా పడేది సుమారు పాతికేళ్లకోసారి. పక్కన పదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఇంకా తక్కువ.

అయితే రేడియోలు పోయేది ఎక్కువగా నేరుగా పడిన పిడుగుతో కాదు. రెండు వీధుల అవతల పడినా, దాని వల్ల కేబుల్‌లోనూ కరెంటు తీగల్లోనూ పుట్టే సర్జ్ చాలు రేడియో ముందు భాగం కాలిపోవడానికి. అది దాదాపు ప్రతి సీజన్‌లో ఎదురయ్యేదే.

టవర్‌కు ఎర్త్ ఇవ్వడమంటే పిడుగును పిలిచినట్టు కాదా?

కాదు. పిడుగు చూసేది ఎత్తును. 19 మీటర్ల ఇనుముకు ఎర్త్ ఉన్నా లేకపోయినా దాని ఎత్తు అదే. ఎర్త్ లేకపోతే పిడుగు పడటం మానదు, స్లాబులోంచో కేబుల్ వెంటో తన దారి తానే వెతుక్కుంటుంది.

టవర్ కోసం విడిగా మంచి ఎర్త్ పిట్ తవ్వించాను. ఇంటి ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. ఇంకేం కావాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలా జాగ్రత్తపరులు, డబ్బు కూడా బాగానే ఖర్చు పెట్టి ఉంటారు. కానీ రేడియోను చంపే అమరికల్లో మొదటిది ఇదే.

లెక్క చూడండి. ఒక మామూలు పిడుగులో కరెంటు దాదాపు 30 వేల ఆంపియర్లు. మీ కొత్త పిట్ రెసిస్టెన్స్ 10 ఓంలు అనుకుందాం. 30 వేలను 10తో గుణిస్తే 3 లక్షల వోల్టులు. అంటే ఆ క్షణంలో టవరూ, దాని పిట్టూ, చుట్టూ ఉన్న కాస్త మట్టీ కలిసి 3 లక్షల వోల్టుల దరిదాపుల్లోకి లేస్తాయి. ఇంటికి అవతలి మూల ఉన్న పాత ఎర్త్ పిట్ మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. ఈ రెంటినీ కలిపే తీగ ఇంట్లో ఏదైనా ఉందా? ఉంది. కోయాక్స్ షీల్డ్ రేడియో బాడీకి తగులుతుంది. రేడియో బాడీ నుంచి పవర్ సప్లైకి, పవర్ సప్లై మూడో పిన్ నుంచి ఇంటి ఎర్త్‌కు దారి ఉంది. రెండు పిట్‌లనూ మీరు కలపలేదు గానీ మీ రేడియో కలిపింది. ఆ తేడా అంతా మీ టేబుల్ మీదుగానే సర్దుకుంటుంది.

అందుకే టవర్ ఎర్త్, ఇంటి ఎర్త్, కేబుల్ షీల్డ్ ఎర్త్ అన్నీ ఇంటి బయటే, మందపాటి లోహపు పట్టీతో ఒకటి కావాలి. అప్పుడు 3 లక్షల వోల్టులు లేచినా అన్నీ కలిసే లేస్తాయి. రేడియోకు ఒక వైపునా రెండో వైపునా వోల్టేజి ఒకటే అయితే దానిలోంచి కరెంటు పారడానికి కారణమే ఉండదు. ఎర్త్ ఎన్ని ఓంలన్నది రెండో ప్రశ్న. అన్నీ కలిసి ఉన్నాయా లేదా అన్నది మొదటిది.

రెండూ కలిపితే పిడుగు ఇంటి వైరింగ్‌లోకి రాదా?

కొంత వస్తుంది, కాదనను. కానీ విడిగా ఉన్నప్పుడు వచ్చేది రేడియోలోంచి, కలిపినప్పుడు వచ్చేది బయటి పట్టీలోంచి. ఎక్కువ భాగం ఆ పట్టీల మీదుగా నేలలోకి దిగిపోతుంది. మిగిలిన దాని కోసమే మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెడతాం. దాని సంగతి కింద చెబుతాను.

ఒక హెచ్చరిక. కలపాల్సింది ఇంటి ఎర్త్‌తో. న్యూట్రల్‌తో కాదు. మీటర్ దగ్గరి న్యూట్రల్ కరెంటు సంస్థది, దాన్ని మీ పట్టీకి నేరుగా బిగించకూడదు. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

మాది రాతి నేల. రాడ్ మీటరు కూడా దిగడం లేదు. 1 ఓం రావాలంటున్నారు, ఎలా?

1 ఓం కోసం టెన్షన్ పడకండి, ఈ ఊళ్లో ఒక ఇంటికి అది దాదాపు అసాధ్యం. పైన కొంచెం మట్టి, కింద మొరం, ఆ కింద షీట్ రాక్. మొరం నేల రెసిస్టివిటీ 300 ఓం-మీటర్లు అనుకుంటే, 3 మీటర్ల రాడ్ పూర్తిగా దిగినా వచ్చేది సుమారు 100 ఓంలు. దిగకపోతే ఇంకా అన్యాయం.

రాడ్‌తో కుస్తీ పట్టే బదులు అడ్డంగా వెళ్లండి. అర మీటరు లోతు కందకం తీసి 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని 20 మీటర్లు పరిస్తే, అదే నేలలో లెక్క ప్రకారం సుమారు 26 ఓంలు వస్తుంది. ప్రహరీ వెంట రెండు వైపులా వేస్తే సరిపోయే పొడవే అది. డాబా మీద నుంచి దిగే పట్టీ ఆ 20 మీటర్ల మధ్యలో కలిసేలా చూడండి, అప్పుడు అటు పది, ఇటు పది అవుతుంది. ఒకే దిక్కుకు చాలా పొడవుగా లాగితే చివరి మీటర్లు పిడుగుకు పనికిరావు, ఎందుకంటే కరెంటు అక్కడిదాకా చేరేలోపే వోల్టేజి శిఖరం దాటిపోయి ఉంటుంది.

కందకంలో ఏం నింపాలన్నది మరో వాదన. ఇక్కడ అలవాటుగా బొగ్గు, ఉప్పు వేస్తారు. కొత్తలో రీడింగ్ బాగానే ఉంటుంది. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి ఉప్పు కరిగి పోతుంది, పోయేలోపు జీఐ పట్టీని తినేస్తుంది. బెంటోనైట్ మట్టి కొంచెం ఖరీదైనా తేమను పట్టి ఉంచుతుంది, లోహాన్ని తినదు. నా ఓటు దానికే.

ఇనుప కేసింగ్ ఉన్న బోరు ఉంటే అదృష్టమే. దాన్నీ పట్టీతో కలపండి, చాలా చోట్ల అదే అన్నిటికన్నా మంచి ఎర్త్ అవుతుంది. కాకపోతే సబ్‌మెర్సిబుల్ మోటారు తీగలు అదే బోరులో ఉంటాయి కాబట్టి, స్టార్టర్ దగ్గర కూడా సర్జ్ ప్రొటెక్టర్ తప్పదు. పీవీసీ కేసింగ్ అయితే ఈ ఆశ వదిలేయండి.

ఇల్లు ఇంకా కడుతూ ఉంటే మాత్రం అంతకు మించిన అవకాశం లేదు. పునాదుల్లోని స్టీలు చువ్వలకు ఒక పట్టీ వెల్డింగ్ చేయించి బయటికి తీసి ఉంచమని మేస్త్రీకి చెప్పండి. పోత పోశాక ఇది కుదరదు.

మా టవర్ ఉన్నది డాబా మీద. నేల 10 మీటర్ల కింద ఉంది. పట్టీ అంత దూరం దిగితే పని చేస్తుందా?

పని చేస్తుంది. కానీ ఇక్కడే చాలామందికి అర్థం కాని విషయం ఒకటి ఉంది. పిడుగు మామూలు కరెంటు లాంటిది కాదు, కొన్ని మైక్రోసెకన్లలో సున్నా నుంచి శిఖరానికి చేరుతుంది. అంత వేగానికి తీగ మందం కన్నా దాని ఇండక్టెన్స్ పెద్ద అడ్డంకి. నిటారు తీగకు మీటరుకు సుమారు 1 మైక్రోహెన్రీ ఉంటుంది. 30 వేల ఆంపియర్లు 3 మైక్రోసెకన్లలో పెరిగితే, మీటరుకు 10 వేల వోల్టులు. 10 మీటర్లకు లక్ష వోల్టులు. తీగ రెసిస్టెన్స్ సున్నా అయినా సరే, ఎర్త్ ఎంత గొప్పదైనా సరే, డాబా మీది టవర్ అడుగు భాగం నేల కన్నా లక్ష వోల్టులు పైనే ఉంటుంది.

దీన్నుంచి చేయాల్సినవి రెండు తేలుతాయి. మొదటిది, ఒకటే పట్టీ కాకుండా ఇంటికి ఎదురెదురు మూలల నుంచి కనీసం రెండు దించాలి. కరెంటు పంచుకుంటుంది, వోల్టేజి దాదాపు సగమవుతుంది. డాబా మీద పిట్టగోడ వెంట ఒక పట్టీని చుట్టూ తిప్పి రింగులా కలపండి. టవర్ కాళ్లు, గై వైర్ల కొక్కేలు, సోలార్ ప్యానెళ్ల ఫ్రేము, వాటర్ ట్యాంకు ఇనుప స్టాండు అన్నీ ఆ రింగుకు బిగించండి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీ చాలు. మలుపులు మెల్లగా ఉండాలి. మిగిలిన పట్టీని చుట్ట చుట్టి వదలొద్దు, ఆ చుట్ట ఒక కాయిల్ అవుతుంది.

రెండోది, రేడియో గది పై అంతస్తులో ఉంది కాబట్టి దానికి అసలు ఆధారం కింది పిట్ కాదు, డాబా మీది రింగు. గదిలోని ప్రతి పరికరం ఆ రింగుతో పాటే పైకి లేవాలి, దానితో పాటే దిగాలి. గది స్విచ్‌బోర్డులోకి కింది నుంచి వచ్చే ఎర్త్ తీగ ఎంత మంచిదైనా 10 మీటర్ల దూరంలోని వోల్టేజిని మోసుకొస్తుంది. దాన్ని గదిలోనే రింగుతో కలపకపోతే పైన చెప్పిన రెండు పిట్‌ల కథే మళ్లీ మొదలవుతుంది.

కేబుల్‌ను ఎక్కడెక్కడ ఎర్త్ చేయాలి?

మూడు చోట్ల. టవర్ కొసన యాంటెనాకు కొంచెం కింద, టవర్ అడుగున కేబుల్ పక్కకు తిరిగే ముందు, గదిలోకి దూరే చోట. మొదటి రెండూ ఎందుకంటే, పిడుగు దిగేటప్పుడు టవర్ వెంట కూడా మీటరుకు వేల వోల్టులు పడతాయి. షీల్డ్ టవర్‌తో కలవకుండా దాని వెంటే దిగుతుంటే, మధ్యలో ఎక్కడో పైతొడుగును చీల్చుకుని నిప్పురవ్వ దూకుతుంది. తర్వాత అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి, నెల తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు పెరిగిందో తెలియక యాంటెనాను దించి చూస్తారు.

చేసే పద్ధతి ఇది. పైతొడుగును మూడు సెంటీమీటర్లు మాత్రమే, లోపలి అల్లిక తెగకుండా బ్లేడుతో గుండ్రంగా కోసి తీయాలి. అల్లిక చుట్టూ గ్రౌండింగ్ కిట్ రాగి పట్టీ బిగించాలి. దాని మీద ముందు సాగే రబ్బరు టేపు, ఆపై పీవీసీ టేపు కింది నుంచి పైకి చుట్టాలి, అప్పుడు పెంకుల్లా పొరలు కిందికి వాలి నీళ్లు లోపలికి పోవు. కిట్ తీగను టవర్‌కు బిగించే చోట రంగు గీకి మెరిసే లోహం కనబడాలి. రాగి నేరుగా జింకు పూత మీద కూర్చుంటే పూతను తినేస్తుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు వాషరో, తగరం పూసిన లగ్గో పెట్టండి.

మూడో చోటు అన్నిటికన్నా ముఖ్యం. కిటికీ పక్కన గోడకు బయటి వైపు ఒక రాగి లేదా అల్యూమినియం రేకు బిగించండి, పుస్తకమంత సైజు చాలు. గదిలోకి వచ్చే ప్రతి కేబుల్ అరెస్టర్ ఆ రేకు మీదే కూర్చోవాలి. రేకు నుంచి వెడల్పాటి పట్టీ డాబా రింగుకు. అదే రేకు నుంచి 16 చదరపు మిల్లీమీటర్ల పచ్చ-పసుపు తీగ గది స్విచ్‌బోర్డు ఎర్త్‌కు. గదికి ఒకటే ద్వారం ఉండాలి, ఆ ద్వారం దగ్గర అందరూ కలవాలి. రేకుకు ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరిగితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

కోయాక్స్ అరెస్టర్ ఎన్ని వోల్టులది కొనాలి?

దాదాపు అన్నిటి లోపలా ఉండేది గ్యాస్ ట్యూబు. మీరు మాట్లాడేటప్పుడు అది వెలగకూడదు, సర్జ్ వచ్చినప్పుడు వెలగాలి. 100 వాట్లకు 50 ఓంల కేబుల్‌లో శిఖర వోల్టేజి 100. ఎస్‌డబ్ల్యూఆర్ 3 అయితే కేబుల్‌లో కొన్ని చోట్ల 150 దాకా పోతుంది. 90 వోల్టుల ట్యూబు పెడితే మీ సొంత ట్రాన్స్‌మిషన్‌కే అది వెలిగి, ఎస్‌డబ్ల్యూఆర్ గంతులేస్తుంది. 230 వోల్టులది సరైనది, 20 శాతం తేడా వచ్చినా 184 దగ్గర ఉంటుంది. 400 వాట్ల లీనియర్ ఉంటే అదే లెక్క 300 వోల్టులకు చేరుతుంది, అప్పుడు 350 కూడా చాలదు, 470 లేదా 600 తీసుకోండి.

ట్యూబు మీద 230 అని రాసి ఉన్నా, వేగంగా లేచే సర్జ్‌కు అది ఆలస్యంగా స్పందిస్తుంది. ఆ లోపు కొన్ని వందల వోల్టులు రేడియో దాకా వెళ్లిపోతాయి. కాబట్టి అరెస్టర్ ఉందని ఉరుముల్లో రేడియో ఆన్‌లో ఉంచొద్దు. ఇంకోటి, టవర్ మీద ప్రీయాంప్ ఉండి దానికి కోయాక్స్ నుంచే డీసీ పంపుతుంటే, డీసీని అడ్డుకునే రకం అరెస్టర్ పెట్టకూడదు, ప్రీయాంప్‌కు కరెంటు అందదు.

కరెంటు వైపు ఏం పెట్టాలి?

టవర్ మీద పిడుగు పడితే ఇల్లు మొత్తం పైకి లేస్తుంది, వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఫేజ్, న్యూట్రల్ మాత్రం కిందే ఉంటాయి. అంటే ఇక్కడ సర్జ్ ఇంటి నుంచి వీధిలోకి పరుగెడుతుంది. ప్రమాణంలో వాడే మోటు అంచనా ప్రకారం సగం కరెంటు నేలలోకి, సగం బయటి తీగల్లోకి పోతుంది. 30 వేలలో 15 వేలు, రెండు తీగలకు పంచితే 7,500 ఆంపియర్లు. అందుకే మీటర్ పక్కన మెయిన్ బోర్డులో టైప్ 1 రకం, పోల్‌కు 12.5 కిలో ఆంపియర్లది పెట్టాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉండే పోల్ మీదుగా రెండు తీగల కరెంటూ పోతుంది, అది 25 కిలో ఆంపియర్లది ఉండాలి. రేడియో గది బోర్డులో టైప్ 2 ఒకటి, దాని ఎర్త్ పైన చెప్పిన రేకుకు. మన కరెంటు వోల్టేజి ఎగుడుదిగుళ్లు తెలిసిందే కాబట్టి 275 బదులు 320 వోల్టుల రేటింగ్ తీసుకోండి.

బిగించేటప్పుడు తీగల పొడవు మొత్తం కలిపి అర మీటరు మించకూడదు. మీటరుకు వేల వోల్టులని ఇందాక చూశాం కదా, ఎలక్ట్రీషియన్ అందంగా మెలికలు తిప్పి వదిలిన మీటరు తీగతో ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. రెండు వందల రూపాయల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రాసిన ‘సర్జ్ ప్రొటెక్షన్’ అన్న మాటను నమ్ముకోవద్దు.

రోటేటర్ తీగ, ఇంటర్నెట్ కేబుల్ సంగతి?

రోటేటర్ తీగలు కూడా టవర్ నుంచి వచ్చేవే, వాటికీ అదే రేకు మీద ప్రొటెక్టర్ కావాలి. ఇంటర్నెట్ విషయంలో ఒకసారి డాబా ఎక్కి చూడండి. ఇంటి మీద నుంచి ఇంటి మీదకు కేబుల్ లాగే కుర్రాళ్లకు మీ టవర్ చక్కటి స్తంభంలా కనిపిస్తుంది. ఫైబర్‌తో పాటు వచ్చే ఇనుప తీగను టవర్ కాలికి రెండు చుట్లు చుట్టి వెళ్లిపోతారు. అప్పుడు మీ టవర్ పిడుగులో పక్కింటికీ వాటా ఉంటుంది. ఆ తీగను విప్పించండి, గదిలోకి ఇనుము లేని ఫైబర్ మాత్రమే రావాలి.

ఇవన్నీ ఎందుకు, ఉరిమినప్పుడు కేబుల్ పీకేస్తే చాలదా?

పీకడం తప్పనిసరి, చాలడం మాత్రం కాదు. పీకిన కనెక్టర్ టేబుల్ మీద పడి ఉంటే లక్ష వోల్టుల కొస మీ కుర్చీ పక్కనే ఉన్నట్టు. దాన్ని గాజు సీసాలో పెట్టే పాత అలవాటు వల్ల ఒరిగేదేమీ లేదు, అంత వోల్టేజికి సీసా మూతి అడ్డు కాదు. కేబుల్‌ను బయట, రేకు దగ్గరే విప్పేలా ఏర్పాటు చేసుకోండి. తర్వాత కరెంటు ప్లగ్గు, రోటేటర్, నెట్‌వర్క్ తీగ కూడా తీసేయండి.

ఎప్పుడు తీయాలంటే, ఉరుము వినబడేదాకా ఆగకండి. ఉరుము వినబడిందంటే మేఘం అందుబాటులోకి వచ్చినట్టే, అప్పుడు విప్పడానికి డాబా ఎక్కకూడదు. పుణేలోని ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ ఫోన్‌లో ఉంటే ముందే తెలుస్తుంది. సీజన్‌లో మధ్యాహ్నం పని ముగించి విప్పేయడమే మేలు.

వంద మీటర్ల వ్యాసార్థాన్ని కాపాడుతుందని ఒక ప్రత్యేక అరెస్టర్ అమ్ముతున్నారు. కొనాలా?

వద్దు. అలా ముందుగానే పిడుగును అందుకుంటాయని చెప్పే పరికరాలకు ఐఎస్/ఐఈసీ 62305 అదనపు రక్షణ పరిధిని ఒప్పుకోదు. వాటిని మామూలు కడ్డీతో సమానంగానే లెక్కిస్తుంది. ఆ డబ్బుతో రెండో పట్టీ దించుకోండి.

రాత్రి దగ్గర్లోనే పెద్ద పిడుగు పడింది. రేడియో కలిపే ముందు ఏం చూడాలి?

ముందు డాబా మీద పగటి వెలుగులో కళ్లతో చూడండి. క్లాంపుల దగ్గర నల్లటి మరకలు, కేబుల్ తొడుగు మీద సూది పోటు లాంటి రంధ్రాలు, సర్జ్ ప్రొటెక్టర్ కిటికీలో పచ్చ పోయి ఎర్ర రంగు రావడం. తర్వాత మల్టీమీటర్ ఏసీ వోల్టులలో పెట్టి, విడిగా ఉన్న కోయాక్స్ షీల్డ్‌కూ పవర్ సప్లై బాడీకీ మధ్య కొలవండి. అన్నీ సరిగ్గా కలిసి ఉంటే సున్నాకు దగ్గర ఉంటుంది. వంద వోల్టుల దాకా చూపిస్తే, కనెక్టర్ తగిలించేటప్పుడు వేలికి జిల్లుమంటే, ఎక్కడో ఎర్త్ తెగింది.

అరెస్టర్‌లోని ట్యూబును మల్టీమీటర్ పట్టుకోలేదు. బాగున్న ట్యూబూ, లోపల తెగిన ట్యూబూ రెండూ దానికి ఓపెన్‌గానే కనిపిస్తాయి. షార్ట్ అయితే తెలుస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ కూడా చెబుతుంది. తెగినదాన్ని పట్టాలంటే రెండు వైపులా కేబుళ్లు విప్పి, 500 వోల్టుల మెగర్‌ను మధ్య పిన్నుకూ బాడీకీ పెట్టండి. 230 వోల్టుల ట్యూబు బాగుంటే వెలిగి రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుంది. ముల్లు కదలకుండా అనంతం చూపిస్తే ఆ ట్యూబు పని అయిపోయింది, మార్చండి. మెగర్ పెట్టేటప్పుడు రేడియో కేబుల్‌కు తగిలి లేదని ఇంకోసారి చూసుకోండి, పిడుగు వదిలేసినదాన్ని మెగర్ కాల్చగలదు.